రచయిత పేరు కొడితే పేజీ దొరకాలి

ఒక వెబ్ పత్రికకు చాలాకాలంగా కథలు రాస్తున్న కె. సుజాతగారు ఉన్నారనుకుందాం. ఆమె పేరు గూగుల్‌లో కొడితే ఒకటో రెండో కథలు కనిపిస్తాయి. ఆమె రాసినవన్నీ ఒక్కచోట ఉండే పేజీ మాత్రం పైకి రాదు. ఆ పేజీ తెరిచి బ్రౌజర్ ట్యాబ్ మీద చూస్తే కారణం కొంత తెలిసిపోతుంది. అక్కడ ‘Author at’ అనే మాట, పత్రిక పేరు ఉంటాయి. సుజాతగారి లాగిన్ పేరే ఆమె పేరుగా చెలామణి అవుతుంటుంది. ఆమె రాసేది కథలో వంటలో ఆ శీర్షిక చెప్పదు.

వర్డ్‌ప్రెస్‌లో నడిచే పత్రికైతే ముందు ప్రొఫైల్‌లోని `Display name publicly as` దగ్గర, రచనల మీద అచ్చయ్యే పేరునే ఎంచుకోవాలి. తర్వాత యోస్ట్ ప్లగిన్‌లో రచయితల పేజీలన్నిటికీ కలిపి ఒక మూస ఇవ్వొచ్చు:

```
%%name%% రచనలు %%page%% %%sep%% %%sitename%%
```

పేరు ముందు, పత్రిక పేరు చివర. ఫోన్‌లో శీర్షిక తెగిపోయినా పేరు మిగులుతుంది. `%%page%%` ఉంటే రెండో పేజీ, మూడో పేజీ ఒకే శీర్షికతో కనిపించవు.

వివరణ పెట్టెలో `%%user_description%%` అని రాస్తే, ప్రొఫైల్‌లోని `Biographical Info` అక్కడికి వస్తుంది. అసలు పని ఇక్కడే ఉంది. ‘సాహిత్యాభిమాని, పుస్తకాలంటే ప్రాణం’ అనే పరిచయం ఎవరికైనా సరిపోతుంది కాబట్టి ఎవరినీ పట్టివ్వదు. ‘కె. సుజాత రాయలసీమ మాండలికంలో కథలు రాస్తారు. నేత కుటుంబాల్లోని స్త్రీల బతుకు ఆమె కథల్లో ఎక్కువగా కనిపిస్తుంది’ అంటే, అదే పేరున్న మిగతా సుజాతల నుంచి ఆమె వేరుగా తెలుస్తారు. గూగుల్ వివరణను సగంలో తుంచేయొచ్చు గనుక ముఖ్యమైన మాట మొదటి వాక్యంలోనే రావాలి. తెలుగు పేర్లను చాలామంది ఇంగ్లిషు అక్షరాల్లోనే వెతుకుతారు. అందుకే పరిచయం చివర పేరును ఆ లిపిలోనూ ఒకసారి రాయడం మంచిది.

ఈ పరిచయం పేజీ మీద కూడా కనిపించాలి. కొన్ని థీమ్‌లు దాన్ని చూపించవు. అప్పుడు పేజీలో రచనల పేర్లు, వాటి మొదటి రెండు వాక్యాలు తప్ప ఏమీ ఉండవు. అవన్నీ ఆ రచనల పేజీల్లో ఉన్నవే. పేజీ పలచగా అనిపించేది అందుకే. పరిచయంతో పాటు పత్రికవారు ఎంచిన రెండు మంచి కథలు, ఒక్కో వాక్యం పరిచయంతో పైన పెడితే ఈ పేజీకంటూ సొంత సరుకు ఉంటుంది.

ఒకే ఒక్క వ్యాసం రాసి మళ్లీ రాయనివారి పేజీని మాత్రం, యోస్ట్ ఆ రచయిత ప్రొఫైల్‌లోనే ఇచ్చే గడిలో టిక్ పెట్టి, సెర్చ్ నుంచి తప్పించడమే నయమని నా అభిప్రాయం. పాఠకులు లింకు నొక్కితే అది మామూలుగానే తెరుచుకుంటుంది.

ఇంత చేసినా గూగుల్ మనం రాసిన శీర్షికనూ వివరణనూ పక్కనపెట్టి, పేజీలోంచి తనకు తోచిన వాక్యం చూపించవచ్చు. పేజీ మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరూ, ట్యాబ్ శీర్షికలోని పేరూ ఒకటే అయితే ఆ బెడద తగ్గుతుంది. కొన్ని వారాలయ్యాక పత్రిక చిరునామా వేసి `site:example.com/author` తరహాలో వెతికితే, ఏ రచయిత పేజీ ఏ పేరుతో కనిపిస్తోందో వరసగా చూసుకోవచ్చు.