తాకట్టు విలువ తగ్గితే ఏమవుతుంది?

బంగారం తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నట్టే, ఇథీరియం మీద నడిచే ఆవే అనే వేదికలో క్రిప్టో కుదువపెట్టి అప్పు తీసుకోవచ్చు. అక్కడ మేనేజరు ఉండడు, జీతం స్లిప్పు అడగరు. లెక్కంతా స్మార్ట్ కాంట్రాక్ట్ అనే ప్రోగ్రామ్ చూస్తుంది. అప్పు ఎగ్గొడితే వెంటపడే మనిషి లేడు కాబట్టి, ఇచ్చే అప్పు కంటే తాకట్టు విలువ ఎప్పుడూ ఎక్కువే ఉండాలి.

ఒక లెక్క చూద్దాం. ఈథర్ ధర 2,000 డాలర్లు అనుకోండి. 10 ఈథర్లు పెడితే తాకట్టు విలువ 20,000. అప్పు పరిమితి 80 శాతమైతే 16,000 దాకా తీసుకోవచ్చు. మీరు 15,000 తీసుకున్నారు. లిక్విడేషన్ హద్దు 83 శాతం అనుకుందాం. తాకట్టులో 83 శాతాన్ని అప్పుతో భాగిస్తే వచ్చేదే హెల్త్ ఫ్యాక్టర్. ఇప్పుడది సుమారు 1.11.

ఈథర్ 1,800కు పడితే అది 1 కంటే దిగువకు జారుతుంది. ఆ క్షణం నుంచి ఎవరైనా మీ అప్పులో సగం, అంటే 7,500 కట్టి, 5 శాతం బోనస్‌తో 7,875 డాలర్ల ఈథర్ పట్టుకుపోవచ్చు. నోటీసు రాదు, గడువు ఉండదు. మీకు 375 డాలర్ల నష్టం.

ధర పడింది పది శాతమే. వడ్డీ పెరిగినా హెల్త్ ఫ్యాక్టర్ తగ్గుతుంది. అందుకే పరిమితి అంచుదాకా అప్పు చేయకూడదు. 8,000తో ఆగి ఉంటే, ధర వెయ్యి డాలర్ల దరిదాపులకు పడేదాకా తాకట్టు జోలికి ఎవరూ రాలేరు.