గూళ్ల డబ్బు ఎందుకు తగ్గింది? స్టేట్‌మెంట్ చదివితే తెలిసింది

పోయిన నెల చింతామణి వైపు అన్న ఒకరు మాకు ఫోన్ చేసి, "మార్కెట్‌లో నాకు పదమూడు వందలు తక్కువ వేసినారు, గ్రూప్‌లో పెట్టండి" అన్నారు. పెట్టే ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ పంపమన్నాం. చూస్తే మార్కెట్ తప్పేమీ లేదు.

చీటీలో ఆయనకు రావలసింది 43,480 రూపాయలు. ఖాతాలో అంతకు ముందు ఉన్నది 9 రూపాయలే. అంటే 43,489 ఉండాలి. సాయంత్రం ఆయన ఫోన్‌లో చూసినది 42,189.30. తేడా 1,299.70. స్టేట్‌మెంట్‌లో మార్కెట్ జమ పూర్తిగా 43,480 అని ఒకే వరుసలో ఉంది. దాని కిందనే, అదే తేదీన, ఆరు చిన్న కోతలు ఉన్నాయి.

మనకు డబ్బు నెల నెలా రాదు, పంట పంటకూ వస్తుంది. మధ్యలో ఖాతా ఖాళీ. ఆ సమయంలో బ్యాంకు కోయలేని ఛార్జీలు బాకీగా నిలుస్తాయి. చాలా బ్యాంకుల్లో గూళ్ల డబ్బు పడిన రోజే అవన్నీ ఒకేసారి లాగుతారు. అందుకే మార్కెట్‌వాళ్లు తక్కువ వేసినట్టు కనిపిస్తుంది.

ఆ అన్న స్టేట్‌మెంట్‌లో పెద్దది `NACH RTN CHG` అనే వరుస, రెండుసార్లు, ఒక్కొక్కటి 295. బండి లోను కంతు మే 5న వచ్చింది, ఖాతాలో డబ్బు లేక వెనక్కి పోయింది. ఫైనాన్స్‌వాళ్లు 12న మళ్లీ పంపినారు, మళ్లీ పోయింది. బ్యాంకు ఒక్కోసారికి 250, దానిపై 18 శాతం జీఎస్టీ వేసింది. ఫైనాన్స్‌వాళ్ల జరిమానా వేరే. దీనికి మార్గం ఒక్కటే: కంతు తేదీ మార్చమని అడగండి, లేదా పంట డబ్బు రాగానే తర్వాతి కంతు సొమ్ము ఖాతాలోనే వదిలేయండి. బ్యాంకు నియమం ప్రకారం వేసిన ఛార్జీ వెనక్కి రావడం కష్టం.

మిగతావి మామూలుగా వచ్చేవి. ఏటీఎం కార్డుకు 236, మెసేజ్‌లకు 17.70. `PMJJBY` 436, ఇది 2 లక్షల జీవిత బీమా. `PMSBY` 20, ఇది ప్రమాద బీమా. ఈ రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి కాబట్టి సాధారణంగా మే నెలాఖరులో కోస్తారు. ఇవి దండగ కాదు, 456 రూపాయలకు ఇంత భద్రత బయట దొరకదు. కానీ మీరు సంతకం పెట్టకుండా ఎవరైనా చేర్చి ఉంటే బ్రాంచిలో అర్జీ ఇచ్చి ఆపించవచ్చు. అన్నకు గుర్తు లేదు గానీ, నామినీగా వదిన పేరు ఉంది!

మర్నాడు ఇంకో 299 పోయింది. అక్కడ `UPI MANDATE` అని ఉంది. పిల్లవాడు ఏదో ఆటకు "ఒక్క రూపాయికే" అని పిన్ కొట్టించినాడట. ఇలాంటిది మీరు యూపీఐ యాప్‌లో `Autopay` తెరిచి రద్దు చేయవచ్చు. రద్దు చేయకపోతే ప్రతి నెలా పోతూనే ఉంటుంది.

ఇంట్లో ఎవరిని అడిగినా తెలియని కోత ఉంటే మాత్రం ఆగవద్దు. మెసేజ్ వచ్చిన 3 పని దినాల లోపల బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆలస్యమైన కొద్దీ నష్టం మన మీద పడే అవకాశం ఎక్కువ. మోసం అనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే `cms.rbi.org.in`లో రిజర్వు బ్యాంకుకు ఫిర్యాదు పెట్టవచ్చు.

ఇక వడ్డీ. "నలభై వేలు వేసినాను, వడ్డీ యాభై అయిదేనా?" అని అన్న అడిగినారు. సేవింగ్స్ ఖాతాలో రోజూ రాత్రికి మిగిలిన సొమ్ముపై లెక్క కడతారు, మామూలుగా మూడు నెలలకొకసారి `INT.PD` అని జమ చేస్తారు. ఏటికి 2.5 శాతం అనుకోండి. 40,000 పది రోజులు ఉంటే 27.40. తర్వాత 5,000 ఎనభై రోజులు ఉంటే ఇంకో 27.40. కలిపితే 54.80. చాకీకి, కూలీలకు, ఎరువుకు డబ్బు తీసేసిన తర్వాత ఖాతాలో మిగిలేది కొంచెమే, కాబట్టి ఆ యాభై అయిదు సరైనదే. మూడు నెలలు దాటినా `INT.PD` వరుసే లేకపోతే మాత్రం బ్రాంచిలో అడగండి.

పాస్‌బుక్‌లో కొన్నిసార్లు చిన్న వరుసలు కలిపేసి అచ్చు వేస్తారు. వివరం కావాలంటే తేదీలు చెప్పి స్టేట్‌మెంట్ అడగండి. ఈ పంట చీటీ పక్కన పెట్టుకుని, గూళ్ల జమ వరుస దగ్గర నుంచి కింది వారం రోజులు చూడండి. అర్థం కాని వరుస ఉంటే ఖాతా నంబరు చెరిపి, ఆ వరుస ఫోటో మాత్రమే మాకు పంపండి.