చర్చి గంటకూ పేజీకీ నడుమ

జర్నలిజం విద్యార్థులకు నేను చెప్పే ఈ పాఠంలో పుస్తకం ఉండదు. గోడ గడియారాన్ని పదకొండూ యాభైకి తిప్పి పెడతాను. బల్ల మీద ఆరు కవర్లు, ఒక ఖాళీ మొదటి పేజీ ఉంటాయి. పన్నెండింటికి పేజీ ప్రెస్సుకు వెళ్లిపోవాలి. ఒక్కో కవరు విప్పుతూ, ఏం రాయాలో వాళ్లే తేల్చుకోవాలి.

కవర్లలో ఉన్నది కల్పన కాదు. 2006 జనవరి 2న అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో సాగో అనే బొగ్గు గనిలో తెల్లవారుజామున పేలుడు జరిగింది. పదమూడు మంది లోపల చిక్కుకుపోయారు. బంధువులంతా దగ్గర్లోని బాప్టిస్టు చర్చిలో చేరారు. దేశంలోని టీవీ వాహనాలన్నీ ఆ చిన్న ఊరికి వచ్చి ఆగాయి. మర్నాడు పైనుంచి రంధ్రం వేసి గాలిని పరీక్షిస్తే కార్బన్ మోనాక్సైడ్ 1,300 పీపీఎం దాకా ఉన్నట్టు తేలింది. మనిషి పావుగంట తట్టుకోగల స్థాయికి అది మూడు రెట్లకు పైనే అని గని కంపెనీయే చెప్పింది. ఆ సాయంత్రం ఒక మృతదేహం దొరికింది. మిగిలిన పన్నెండు మంది సంగతి తెలియదు. మొదటి కవరులో ఉన్నది ఇంతవరకే.

రెండో కవరు: 3వ తేదీ రాత్రి పదకొండూ యాభై ప్రాంతం. చర్చి గంటలు మోగుతున్నాయి. జనం బయటికి పరుగెత్తుకొచ్చి ఒకరినొకరు వాటేసుకుని ఏడుస్తున్నారు. పన్నెండు మందీ బతికే ఉన్నారట.

మూడో కవరు: గవర్నరు అక్కడే చర్చిలో ఉన్నారు. అద్భుతాలు జరుగుతాయనే అర్థంలో విలేకరులతో మాట్లాడారు.

నాలుగో కవరు: వార్తాసంస్థ ఏపీ ఫ్లాష్ ఇచ్చింది. టీవీలన్నిటిలో అదే.

ఇక్కడికి వచ్చేసరికి గడియారం పదకొండూ యాభై ఆరు చూపిస్తుంది, క్లాసులో సగం మంది బ్యానర్ రాసేసి ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేం. బంధువులు చెప్పారు, గవర్నరు చెప్పారు, ఏపీ చెప్పింది. మూడు సోర్సులు! జర్నలిజం స్కూళ్లలో మేం నూరిపోసేది రెండు సోర్సుల సూత్రమే కదా, ఇక్కడ ఒకటి ఎక్కువే ఉంది. ఆ రాత్రి నిజమైన న్యూస్‌రూముల్లోనూ ఇదే జరిగింది. మర్నాటి ఉదయం యూఎస్ఏ టుడేతో సహా ఎన్నో పత్రికలు పన్నెండు మందీ బతికారన్న వార్తతో పాఠకుల ఇళ్లకు చేరాయి. అవి గుమ్మాల్లో పడేసరికే టీవీలు అసలు సంగతి చెప్పేశాయి. బతికింది ఒక్కడే. మొత్తం పన్నెండు మంది చనిపోయారు.

ఈ మాట చెప్పాక క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు కాగితం మీద బాణాలు గీయమంటాను. ప్రతి సోర్సు పక్కనా, ఆ మాట వాళ్లకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో దాని వైపు ఒక బాణం. ఏపీ బాణం బంధువుల వైపూ గవర్నరు వైపూ పోతుంది. గవర్నరు బాణమూ చర్చి వైపే పోతుంది, ఎందుకంటే ఆయన ఆ మాట విన్నది బంధువుల మధ్య ఉండగానే. బంధువులకు చెప్పింది ఎవరు? కమాండ్ సెంటర్‌లో ఎవరో విని, అక్కడ్నుంచి సెల్‌ఫోనులో చేరవేసిన మాట అది. బాణాలన్నీ గీశాక కాగితం మీద ఒక గరాటు బొమ్మ తయారవుతుంది. వంద నోళ్లు పలికిన ఆ మాట మొదట పడింది ఒక్క గదిలోని స్పీకర్ ఫోనులోంచి.

ఆ గదికి ఎలా చేరిందో చూడాలి. గని ముఖద్వారం నుంచి దాదాపు రెండున్నర మైళ్ల లోపల రెస్క్యూ బృందానికి కార్మికులు కనిపించారు. రెస్క్యూవాళ్ల మొహాలకు పూర్తి మాస్కులు, వీపున ఆక్సిజన్. మాస్కులోంచి మాట్లాడితే మాట ముద్దగా వస్తుంది. అక్కణ్నుంచి నేరుగా బయటికి వినిపించే దారి లేదు. మధ్యలో అంచెలంచెలుగా నిలబడ్డ మనుషులు ఒకరి మాట ఒకరికి అందించాలి. పన్నెండు మంది దొరికారు అన్నదీ, ఒకరు బతికి ఉన్నారు అన్నదీ దారిలో కలిసిపోయి ‘పన్నెండు మంది బతికి ఉన్నారు’గా పైకి చేరింది. చిన్నప్పుడు వరసగా కూర్చుని చెవిలో గుసగుసగా చెప్పుకునే ఆట ఆడనివాళ్లెవరు? ఇక్కడ తేడా ఒక్కటే, చివర్లో కూర్చున్నది దేశం.

చురుకైన విద్యార్థి ఒకరు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ‘అయితే సార్, నేను చర్చి దగ్గర ఆగకుండా కమాండ్ సెంటర్‌కే ఫోన్ చేసేవాణ్ని’ అంటారు. మంచి ఆలోచనే. కానీ పదకొండూ యాభై ఐదుకు ఫోన్ చేసి ఉంటే ఏమని చెప్పేవారు? అవునండీ, పన్నెండు మందీ బతికే ఉన్నారు అనే చెప్పేవారు. ఎందుకంటే దాదాపు ముప్పావుగంట సేపు ఆ గది కూడా అదే నమ్మింది. అధికారులు నిర్ధారించారు అని నిక్షేపంగా రాసుకునేవాళ్లం, తప్పు మాత్రం అలాగే ఉండేది. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా విలువైన చోటు ఇదే. అధికారిక ధ్రువీకరణ అనేది హోదాకు సంబంధించింది, ఆ మనిషి ఏం చూశాడన్నది వేరే విషయం. ఆ ఫోనులో అడగాల్సింది ‘నిజమేనా?’ అని కాదు. ‘వాళ్లను కళ్లారా చూసింది ఎవరు? ఆ మనిషితో మీరు నేరుగా మాట్లాడారా? నాడి పట్టి చూసినవాళ్లున్నారా?’ అని. ఈ మూడిటికీ ఆ క్షణంలో వచ్చే జవాబు తడబాటే. ఆ తడబాటు కూడా వార్తలో ఒక ముక్కే.

ఐదో కవరు విప్పితే ఒక్క వాక్యం: మీడియా కోసం ఏర్పాటు చేసిన కేంద్రంలో కంపెనీ ఇంకా ఏ ప్రకటనా చేయలేదు. అంతకుముందు చెడ్డకబురుతో సహా ప్రతిదీ అక్కడే చెప్పారు. మరి ఇంత మంచి కబురు చెప్పడానికి ఎవరూ రాలేదేం? ఆ జిల్లా పక్కనే ఎల్కిన్స్ అనే ఊళ్లో ఇంటర్‌మౌంటెన్ అని చిన్న పత్రిక ఉంది. దాని విలేకరి మిగతావాళ్లతో పాటు చర్చికి పరుగెత్తకుండా ఆ కేంద్రంలోనే ఉండిపోయింది. పన్నెండు అంబులెన్సులు లోపలికి వెళ్లాయని, బయటికి వచ్చింది ఒక్కటేనని కూడా ఆ పత్రికవాళ్లు విన్నారు. ఆరో కవరులో నేను పెట్టేది ఈ అంబులెన్సులే. న్యాయంగా చెప్పాలంటే అప్పట్లో అది మధ్యాహ్నం వచ్చే పత్రిక, అర్ధరాత్రి గడువు మెడ మీద లేదు. అయినా లెక్క కుదరడం లేదని గమనించడానికి గడువుతో పనిలేదు. ఎవరూ నోరు విప్పి చెప్పని సాక్ష్యం ఇది, అందుకే గరాటులోంచి రాదు. మొదటి కవరులోని 1,300 పీపీఎం కూడా అలాంటిదే. క్లాసులో ఆ అంకెను మళ్లీ తిరగేసి చూసేవాళ్లు ఒకరో ఇద్దరో.

సోర్సులు రెండైతే చాలన్న భ్రమ సాగోతో పోలేదు. 2011 జనవరి 8న ఆరిజోనాలోని టూసాన్‌లో కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ మీద కాల్పులు జరిగిన రెండు గంటల్లోపే, ఆమె చనిపోయారని ఎన్‌పీఆర్ రేడియో చెప్పేసింది. వాళ్ల దగ్గరా రెండు సోర్సులున్నాయి. ఒకటి షెరీఫ్ కార్యాలయం, రెండోది మరో కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయం. రెండూ గౌరవనీయమైనవే, రెండిటిలో ఒక్కటీ ఆస్పత్రిలో లేదు. మిగతా చానళ్లూ అందుకున్నాయి. విమానంలో ఆమె దగ్గరికి వెళ్తున్న భర్తకు భార్య చనిపోయిందన్న మాట టీవీ తెర మీద కనిపించింది. ఆమె బతికారు.

మనకూ ఇలాంటి రోజు ఒకటి గుర్తుండే ఉంటుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ఆచూకీ తెలియనప్పుడు, క్షేమంగా దిగారు, రోడ్డు మార్గాన వస్తున్నారన్న మాట కాసేపు తిరిగింది. నల్లమలలో శిథిలాలు దొరికింది మర్నాడు.

మరి పన్నెండింటికి పేజీలో ఏం పెట్టాలి? ఏమీ తెలియదని ఖాళీగా వదలలేం. ఏపీ తర్వాత తనను తాను సమర్థించుకుంది: నమ్మదగిన సోర్సులు చెప్పింది చెప్పినట్టే, ఎవరు చెప్పారో పేర్కొని ఇచ్చామని. ఈ వాదన మీద క్లాసు రెండుగా చీలిపోతుంది, చీలాలి కూడా. నా మటుకు నాకు వాదనలో సగమే బలం ఉంది. వార్త లోపల మూడో పేరాలో ‘బంధువుల కథనం ప్రకారం’ అని రాసి, పైన ఆరు కాలాల్లో ‘బతికారు!’ అని కొడితే, పాఠకుడికి మిగిలేది పైనున్నదే. విద్యార్థులు చివరికి తేల్చే శీర్షిక సాధారణంగా ఇలా ఉంటుంది: ‘పన్నెండు మంది క్షేమమని చర్చిలో సంబరం, కంపెనీ ప్రకటన ఇంకా లేదు’. చప్పగా ఉందని వాళ్లే మొహం చిట్లిస్తారు. కానీ ఆ రాత్రి రెండున్నరకు కూడా అందులో ఒక్క అక్షరం తప్పు కాలేదు. బంధువులకు నిజం చెప్పింది దాదాపు మూడు గంటలకు.

ఇక్కడ తెలుగులో రాసేవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మన భాషలో ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘తెలుస్తోంది’ అని వాక్యం ముగించే సౌకర్యం ఉంది. పన్నెండు మంది క్షేమంగా ఉన్నట్టు తెలిసింది. ఎవరికి తెలిసింది? ఎవరి వల్ల? వాక్యం అడగనివ్వదు, వ్యాకరణం పూర్తయిపోయింది. ఊళ్లో ఎవరైనా ‘అట’ అంటే, చెప్పేవాడు తాను చూడలేదని ఒప్పుకుంటున్నట్టే. పత్రికకు వచ్చేసరికి అదే ‘అట’ కోటు వేసుకుని ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అవుతుంది. అందుకే నా క్లాసులో ఆ మూడు మాటలూ నిషేధం. కర్త లేకుండా వాక్యం ఒప్పుకోను. కర్తను వెతకడానికి బయల్దేరితే గరాటు మూతి దాకా వెళ్లక తప్పదు.

ఈ పట్టుదల నాకు పుట్టుకతో వచ్చింది కాదు. డెస్కులో ఉండగా ఒక రాత్రి కాలువలో బస్సు పడింది. మా మండల కంట్రిబ్యూటర్ ఐదుగురు పోయారన్నాడు. పక్క మండలం కుర్రాడికి చేస్తే అతనూ ఐదుగురే అన్నాడు. రెండు సోర్సులు, పేజీ వదిలేశాను. తెల్లారి ఆఫీసు గేటు దగ్గర ఒకాయన పేపరు మడిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ‘మా నాన్న పేరు చచ్చినోళ్లలో ఏశారు సార్, ఆయన పెద్దాసుపత్రిలో కాఫీ తాగుతున్నాడు’ అన్నాడు. కోపంగా అనలేదు, అదే ఇంకా కష్టమైంది. ఆరా తీస్తే మా కుర్రాళ్లిద్దరూ అదే టీ బడ్డీ దగ్గర, అదే ట్రాక్టరు డ్రైవరు నోట విన్నారు. అతనూ గట్టు మీద నిలబడి చూసినవాడే, కాలువలో దిగినవాడు కాదు.

ఆ కంట్రిబ్యూటర్ ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటాడు. ఏ కబురైనా సరే, మొదలుపెట్టడమే ఇలా: ‘అన్నా, నేను చూళ్లేదు. చూసినోడు పక్కనే ఉన్నాడు, ఇస్తా మాట్లాడు.’