ఆవకాయ రోజు ఎవరు ఎక్కడ కూర్చున్నారు?

"వేసవి సెలవులు ఇస్తే చాలు, అమ్మమ్మగారి ఊరు వెళ్ళిపోయేవాళ్ళం. పిల్లలందరం ఎంతో ఆనందంగా గడిపేవాళ్ళం. మామిడిపళ్ళు, తాటిముంజెలు తినేవాళ్ళం. అమ్మమ్మ ఆవకాయ పెడుతుంటే చుట్టూ చేరేవాళ్ళం. రాత్రిళ్ళు డాబా మీద పడుకుని కథలు చెప్పుకునేవాళ్ళం. ఆ రోజులు మళ్ళీ రావు."

నాకు తెలిసిన రిటైర్డ్ టీచరుగారు ఒకావిడ మనవల కోసం తన చిన్నతనం రాస్తూ మొదట రాసుకున్న పేరా ఇది. ఆవిడ పుట్టిపెరిగింది కోనసీమలో. పేరాలో తప్పేమీ లేదు. అయితే కింద సంతకం మార్చి నాదే అని నేను చెప్పుకున్నా ఎవరూ అనుమానించరు. మామిడిపండు, తాటిముంజె అన్న మాటలు చూసి ఇందులో వివరాలున్నాయని మనం పొరబడతాం. అవి వేసవి వస్తువులు. ఏ వేసవిలోనైనా ఉంటాయి.

అసలు సంగతి క్రియల్లో ఉంది. వెళ్ళిపోయేవాళ్ళం, గడిపేవాళ్ళం, తినేవాళ్ళం, చేరేవాళ్ళం. తెలుగులో ఈ రూపం అలవాటును చెబుతుంది. పది వేసవుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి చూసి చెప్పే మాట అది. అందులో ఏ ఒక్క రోజూ కనబడదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టల్వింగ్ 1972లో జ్ఞాపకాన్ని రెండుగా విడదీశాడు. ప్రపంచం గురించి మనకు తెలిసిన విషయాలు ఒక రకం, ఫలానా చోట ఫలానాప్పుడు మనకు జరిగిన సంఘటనలు రెండో రకం. టీచరుగారి పేరా మొత్తం మొదటి రకంలోకే పోతుంది. తన బాల్యం గురించి ఆవిడకు తెలిసినది రాశారు, జరిగినది ఇంకా రాయలేదు.

ఆరు వాక్యాల్నీ విప్పబోతే పుస్తకం అవుతుంది. ఒక్కటి ఎంచుకోమన్నాను. ఆవిడ ఆవకాయ ఎంచుకున్నారు. "ఏ సంవత్సరం?" అంటే తెలియదన్నారు. అది అడగాల్సిన ప్రశ్న కాదులెండి. పిల్లల జ్ఞాపకానికి తేదీలుండవు, చోటు ఉంటుంది, చేతిలో పని ఉంటుంది. "ఆవకాయ పెడుతుంటే మీరు ఎక్కడ కూర్చున్నారు? చేతిలో ఏముంది?" అని అడిగాను. కాసేపు ఆగి, "జీడి" అన్నారు. "జీడి తీసే పని నాది. వేళ్ళు నల్లగా అయిపోయేవి."

ఆవకాయకు కాయని టెంకతో సహా ముక్కలు కొడతారు. గట్టి టెంక ముక్కనే అంటిపెట్టుకుని ఉండాలి, లోపలి జీడీ దాని కిందనుండే పల్చటి పొరా మాత్రం తీసెయ్యాలి. తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. తడి మిగిలితే జాడీలో బూజు పడుతుంది. ఈ తీయడం, తుడవడం చాలా ఇళ్ళలో పిల్లల వాటా. కాబట్టి 'చుట్టూ చేరేవాళ్ళం' అన్నది నిజంలో సగమే. చేరి ఊరికే కూర్చోలేదు.

రెండో ప్రతిలో ఆవిడ పెరట్లో కోయిలను కూయించారు, మల్లెల్ని విరబూయించారు. ఆవాలు దంచుతుంటే ఆ ఘాటుకు పిల్లలందరూ తుమ్మారని రాశారు. కోయిల గురించి అడిగితే, "ఉంటే బావుంటుందని" అని నవ్వేశారు. వాసనలూ చప్పుళ్ళూ చేర్చినంత మాత్రాన జ్ఞాపకానికి ప్రాణం రాదు. అరువు తెచ్చుకున్న అందం కూడా ఒక రకం సారాంశమే. తుమ్ముల సంగతి ఇంకా తమాషాగా తేలింది. ఆవపిండి పొడిగా ఉన్నంతసేపు దాని ఘాటు పెద్దగా తెలియదు. తడి తగిలాకే అందులోని పదార్థాలు కలిసి ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. మరి తుమ్మించింది ఏది? అడగ్గానే ఆవిడకు గుర్తొచ్చింది, అదే రోలులో ముందు మిరపకాయలు దంచారు. పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఇలా జ్ఞాపకాన్ని పరీక్షకు పెట్టవచ్చు. సరిపోని చోట తరచుగా అసలు వివరం దొరుకుతుంది.

మూడో ప్రతి ఇది:

"ఆ రోజు జీడి తీసే పని నాది. వెనక వసారాలో పాత చీర పరిచి, మావయ్య కొట్టిన ముక్కలు గుట్టగా పోశారు. జీడిని బొటనవేలి గోటితో లేపి, కింద పొర లాగేసి, గుడ్డతో తుడిచి పళ్ళెంలో వేస్తున్నాను. ఒక ముక్క జారి టెంక అంచు గోరు కింద గుచ్చుకుంది. వేళ్ళు నల్లబడ్డాయి. నూతి దగ్గర కడుక్కుని, పావడాకి తుడుచుకుని, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నాలుగు ముక్కలు ముట్టుకున్నానో లేదో అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుని అరచెయ్యి తిప్పి చూసింది. ఏమీ అనలేదు. నేను ముట్టుకున్న ముక్కలు ఏరి ఒక గిన్నెలో వేసి పక్కన పెట్టింది. రాత్రి పప్పులో అవే వేశారు. పప్పు బావుందని మావయ్య అన్నాడు. నేను తలెత్తలేదు."

ఇందులో 'ఆనందం' లేదు, 'ప్రేమ' లేదు. అయినా ఆ అమ్మమ్మ ఎలాంటి మనిషో తెలిసిపోయింది. అరవదు, వృథా కానివ్వదు, తడిచెయ్యి మాత్రం జాడీ దాకా రానివ్వదు. క్రియలు కూడా మారాయి చూడండి. గుచ్చుకుంది, చూసింది, పక్కన పెట్టింది. ఒక్కసారి జరిగిన పనులు అవి. ఘాటు, తుమ్ములు చివరికి పేరాలో ఎక్కడా మిగల్లేదు. వాటిని వెతకబోతేనే తడిచెయ్యి సంగతి బయటపడింది, అంతవరకే వాటి పని.

అమ్మమ్మ నోట ఒక మాట పెడదామా అని ఆవిడ అడిగారు. గుర్తుందా అన్నాను, లేదన్నారు. అలాంటప్పుడు తెలుగులో ఒక మంచి సదుపాయం ఉంది: 'తడి చెయ్యి అని ఉంటుంది' అని రాసుకోవచ్చు. ఊహ ఊహలాగే కనబడుతుంది, చదివేవాడు మోసపోడు. ఆవిడ మౌనాన్నే ఉంచుకున్నారు. అదే మంచిదయింది. ఎలాగూ జ్ఞాపకం అంటే భద్రపరిచిన ఫొటో కాదు, గుర్తు చేసుకున్నప్పుడల్లా మళ్ళీ కట్టుకునేదని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే తన పుస్తకంలో చెప్పాడు. కడుతున్నప్పుడు ఏ ఇటుక ఎక్కడిదో తెలిసి ఉంటే చాలు.

అన్ని వాక్యాలూ ఇలా విప్పాలని కాదు. ఏటా సెలవులకు వెళ్ళేవాళ్ళమన్న మొదటి వాక్యం అలాగే ఉంది. అది లేకపోతే పాఠకుడు వసారా దాకా రాలేడు. అలవాటు రూపం దారికి పనికొస్తుంది, ఇంటికి చేరాక దాన్ని వదిలెయ్యాలి. 'ఆనందంగా గడిపేవాళ్ళం' కొట్టేశాం. 'ఆ రోజులు మళ్ళీ రావు' దగ్గర మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు, అది మనవలకు తను చెప్పాలనుకున్న మాటట. పుస్తకం ఆవిడది, ఉండనిచ్చాను.

చివరికి డాబా వాక్యం మిగిలింది. మెట్లు ఏ వైపు ఉండేవి అని అడిగాను. ఆవిడ చెయ్యి గాల్లోకి లేపి ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి చూపించి ఆగిపోయారు. "అయ్యో, అది పెంకుటిల్లండీ! డాబా మావయ్య తర్వాతెప్పుడో వేయించాడు. మేం పడుకున్నది వాకిట్లో, నులకమంచాల మీద" అన్నారు. కథలెవరు చెప్పేవారని అడిగితే, కథలు కాదు, దోమలని అన్నారు. ఆ వాక్యం కొట్టేసి పక్కన 'దోమలు, నులకమంచం, వేపాకు పొగ' అని రాసుకున్నారు, వచ్చేవారం రాయడానికి.