బయానా రసీదులో రాయని మాట

టీ హోటల్ బల్ల దగ్గర బేరం కుదిరింది. ఎకరం 32 లక్షలు. పట్టా ప్రకారం 2 ఎకరాల 10 గుంటలు, అంటే మొత్తం 72 లక్షలు. కొనే ఆయన టోకెన్ కింద 2 లక్షలు అక్కడికక్కడే ఇచ్చాడు. మధ్యవర్తి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చించి రెండు వాక్యాలు రాశాడు: ‘నా భూమి నిమిత్తం రెండు లక్షలు అడ్వాన్సు ముట్టినవి. మిగతా సొమ్ము రిజిస్ట్రేషన్ నాడు.’ కింద రైతు సంతకం. ‘మనోళ్లే గదా, పెద్ద కాగితం తర్వాత రాసుకుందాం’ అని లేచారు.

ఇది నమూనాకు చెప్పుకుంటున్న బేరమే. కానీ తెలుగు పల్లెల్లో భూమి తగాదా మొదలయ్యేది చాలావరకు ఇలాంటి కాగితం దగ్గరే. నెల తర్వాత సర్వేయరు వచ్చి కొలిస్తే భూమి మీద తేలింది 2 ఎకరాల 4 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి గుంట 80 వేలు పడుతుంది. తగ్గిన ఆరు గుంటలకు 4 లక్షల 80 వేలు తగ్గించమన్నాడు కొనే ఆయన. ‘పట్టాలో ఎంతుంటే అంతకే మాట’ అన్నాడు రైతు. అయితే నా రెండు లక్షలు నాకివ్వమని ఆయన, నెల రోజులు వేరే బేరగాళ్లను తిప్పి పంపాను కాబట్టి ఇవ్వనని ఈయన. ఎవరి మాటలో వారికి న్యాయం ఉంది. రసీదులో మాత్రం ఇద్దరికీ జవాబు లేదు.

డబ్బు ముట్టిందని చెప్పడం రసీదుకు చిన్న పని. బేరం ఎవరి వల్ల, ఏ కారణంతో చెడితే ఆ డబ్బు ఎవరిదో చెప్పడం అసలు పని. టోకెన్ రసీదుల్లో తరచూ రాయకుండా వదిలేసేది ఆ మాటే.

బయానా అన్నా, సంచకారం అన్నా మాట నిలబెట్టుకుంటానని ఇచ్చే హామీ సొమ్ము. బేరం పూర్తయితే అది ధరలో కలిసిపోతుంది. కొనేవాడు తన తప్పు వల్ల తప్పుకుంటే అమ్మేవాడికి మిగిలిపోతుంది. ధరలో కొంత ముందే చెల్లించడం వేరు. ఆ సొమ్మును అమ్మేవాడు ఊరికే ఉంచేసుకోలేడు. 1963లో సుప్రీంకోర్టు ఫతే చంద్ కేసులో ఈ తేడానే గట్టిగా చూసింది. ఒప్పందంలో 1,000 రూపాయలు బయానా, ఆ తర్వాత ఇచ్చింది 24,000. రెండూ పోతాయని రాసుకున్నా, బయానాగా ఇచ్చిన వెయ్యిని ఉంచుకోవడానికే కోర్టు ఒప్పుకుంది. 24 వేలను జప్తు చేసుకోనివ్వలేదు. కాబట్టి అమ్మే రైతు పదిహేను లక్షలు తీసుకుని ‘అంతా బయానాయే’ అని రాయించుకుంటే సరిపోదు. బయానా ఎంత, ధరలో భాగం ఎంత అన్నది విడివిడిగా రాయాలి. బయానా ధరతో పోలిస్తే చిన్నదిగానే ఉండాలి.

అమ్మేవాడు వెనక్కి తగ్గితే రెట్టింపు ఇవ్వాలని మన పెద్దమనుషులు అంటుంటారు. అలా రాసుకున్నా కోర్టు కళ్లు మూసుకుని రెట్టింపు ఇప్పించదు. రాసుకున్న మొత్తాన్ని గరిష్ఠ హద్దుగా తీసుకుని సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. అందుకే సర్వే ఖర్చు, లాయరు ఖర్చు, వడ్డీ లాంటివి లెక్కగట్టి ఒక మోస్తరు మొత్తం రాసుకోవడం మేలు.

గడువు దగ్గర ఇంకో చిక్కుంది. ‘45 రోజుల్లో రిజిస్ట్రేషన్’ అని రాస్తారు. ఏ రోజు నుంచి 45? రైతు లింకు కాగితాలు ఇవ్వడానికే నెల తీసుకుంటే, కొనే ఆయనకు మిగిలేది పదిహేను రోజులు. బ్యాంకు లోను అంత తొందరగా రాదు. కాగితాలన్నీ ఇచ్చి, కొలత పూర్తయి, ఇద్దరూ కొలత పటం మీద సంతకం చేసిన రోజు నుంచి లెక్క మొదలవ్వాలి. అలాగని రైతును కట్టిపడేయకూడదు. ఎంత ఆలస్యమైనా ఫలానా తేదీ దాటితే బేరం లేదని చివరి తేదీ కూడా ఉండాలి. అది లేకపోతే రెండు లక్షలు చేతిలో పెట్టి, ఆ కాగితం చూపించి ఎక్కువ ధరకు ఇంకొకరికి అమ్మజూపే బేరగాడి చేతిలో భూమి ఇరుక్కుంటుంది. రిజిస్ట్రేషన్ ఆయన పేరు మీదేనా, ఆయన చెప్పినవారి పేరు మీదా అన్నదీ అందుకే ముందే తేల్చుకోవాలి.

అదే బేరానికి రసీదు ఇలా ఉంటే ఆ నెల రోజుల గొడవ ఉండేది కాదు:

‘ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులో ఈ నాలుగు హద్దుల మధ్య నా భూమిని ఎకరం 32 లక్షల చొప్పున అమ్ముటకు ఒప్పుకుని, బయానాగా 2 లక్షలు ఈ రోజు నా ఖాతాలో తీసుకున్నాను. పట్టాలో 2 ఎకరాల 10 గుంటలు ఉన్నా, కొలతలో తేలిన విస్తీర్ణానికే ధర. 2 ఎకరాలకు తగ్గితే కొనువారు తప్పుకోవచ్చు, బయానా పూర్తిగా వాపసు. హక్కులో లోపం, అప్పు, కేసు, నిషేధిత జాబితా, వారసుల అభ్యంతరం ఏది బయటపడినా 15 రోజుల్లో పూర్తిగా వాపసు. ఇవేవీ లేకుండా కొనువారు గడువులోగా డబ్బు కట్టకపోతే బయానా నాది. కారణం లేకుండా నేను తప్పుకుంటే బయానాతో పాటు 50 వేలు ఇస్తాను. 15 రోజుల్లో పూర్తి ఒప్పందం రాసి రిజిస్టర్ చేయిద్దాం.’

దీని కింద గడువు, చివరి తేదీ, చెల్లింపు నంబరు, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. కొనేవాడు కూడా సంతకం పెట్టాలి. లేకపోతే బయానా పోతుందన్న షరతుకు తాను ఒప్పుకోలేదని రేపు అంటాడు. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, రెండు ప్రతులు రాసి చెరొకటి ఉంచుకోవాలి.

డబ్బు మధ్యవర్తి ఖాతాకు కాకుండా పట్టాదారు ఖాతాకే వెళ్లాలి. భూమి బేరంలో 20 వేలు, అంతకు మించి అడ్వాన్సును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ నుంచి నిషేధించింది. బేరం జరిగినా జరగకపోయినా తీసుకున్న మొత్తానికి సమానంగా జరిమానా పడవచ్చు, అదీ తీసుకున్నవాడి మీద. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి పన్ను కట్టాల్సిన ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. ఉద్యోగస్తుడు కొంటుంటే రైతుకు ఆ మినహాయింపు దొరకదు. వాపసు ఇచ్చేటప్పుడూ బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.

ఎంత బాగా రాసినా రసీదు భూమిని కొన్నవాడిది చేయదు. మన రెండు రాష్ట్రాల్లో క్రయ ఒప్పందాన్ని కూడా రిజిస్టర్ చేయించాలని 1999 నాటి సవరణ చెబుతోంది. రిజిస్టర్ కాని కాగితం ఈసీలో కనిపించదు. దాని సంగతి తెలియక ఇంకొకరు అదే భూమిని కొంటే మీ పోరాటం కష్టమవుతుంది. రసీదును కోర్టు ఒప్పందంగా లెక్కేస్తే స్టాంపు సుంకం, జరిమానా కట్టమంటుంది. కాబట్టి రసీదు దశలో పోతే తట్టుకోగలిగినంతే ఇవ్వండి. పెద్ద మొత్తం రిజిస్టరైన ఒప్పందం తర్వాతే. అమలు కోసం కోర్టుకు వెళ్లడానికి రాసుకున్న గడువు తేదీ నుంచి మూడేళ్లే సమయం. దావాలో బయానా వాపసును కూడా విడిగా అడగాలి. అడగనిది కోర్టు తనంతట ఇవ్వదు.

పిత్రార్జిత భూమైతే ఇంకొక్క పని చేయండి. డబ్బు పంపేముందు ఆ రసీదును రైతు ఇంట్లో అందరి ముందూ చదివి వినిపించండి. అత్తారింట్లో ఉన్న ఆడబిడ్డలకు ఫోన్ చేసైనా సరే. రిజిస్ట్రేషన్ నాడు వాళ్ల సంతకాలూ కావాలి.