గంటెంతయింది?

పొద్దును చూసి పూట చెప్పొచ్చు. బస్సు ఎన్ని గంటలకో తెలియాలంటే గడియారం చూడాలి. అట్టతో ఒక గడియారం చేసుకుంటే చూడటం తొందరగా వస్తుంది.

చేసే పద్ధతి

పాత అట్టపెట్టె మీద పళ్లెం బోర్లించి, చుట్టూ గీత గీయండి. గీత వెంట కత్తిరించండి. పైన 12, కింద 6, కుడివైపు 3, ఎడమవైపు 9 రాయండి. మిగతా అంకెలు వాటి నడుమ రెండేసి వస్తాయి. 1 నుంచి వరసగా రాసుకుంటూ పోతే చివర్లో చోటు చాలదు.

రెండు ముళ్లు కత్తిరించండి. పొడుగు ముల్లు అంకెల దాకా రావాలి. పొట్టి ముల్లు అందులో సగం చాలు. అట్టకు నడిమధ్యలో బెజ్జం చేసి, ముళ్లను దారంతో బిగించండి. వెనక ఒక గుండీ కట్టండి. ముళ్లు తిప్పితే తిరగాలి, వదిలితే జారకూడదు.

చూసే పద్ధతి

పొట్టి ముల్లు గంట చెబుతుంది. పొడుగు ముల్లు నిమిషాలు చెబుతుంది. పొడుగు ముల్లు ఒక అంకె నుంచి పక్క అంకెకు పోతే 5 నిమిషాలు. అందుకే 12 నుంచి మొదలుపెట్టి ఐదు, పది, పదిహేను అని లెక్కపెట్టాలి. చుట్టంతా తిరిగితే 60 నిమిషాలు, అంటే ఒక గంట.

ఆ గంటలో పొట్టి ముల్లు కూడా మెల్లగా పక్క అంకెకు జరుగుతుంది. ఏడున్నరకు అది 7 మీద ఉండదు. 7కూ 8కీ నడుమ ఉంటుంది. అట్ట గడియారంలో దీన్ని కూడా చేత్తో జరపాలి.

పొరబాటు ఎక్కడ?

నందికొట్కూరు బస్టాండులో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారనుకోండి. కర్నూలు బస్సు తొమ్మిదిన్నరకు. గడియారంలో పొట్టి ముల్లు 9 దగ్గర, పొడుగు ముల్లు 10 మీద ఉన్నాయి.

"తొమ్మిది యాభై అయిందక్కా. బస్సు పోయింటాది. ఇంటికి పోదాం పా."

"ఆగు చెల్లీ. పొట్టి ముల్లు తొమ్మిది దాటిందా?"

"ఇంకా దాటలేదు."

"అట్లయితే తొమ్మిది కాలేదు. ఇప్పుడు ఎనిమిది యాభై. బస్సుకింకా నలభై నిమిషాలుంది."

పొట్టి ముల్లు ఏ అంకెను దాటి వచ్చిందో అదే గంట. ముందున్న అంకె ఎంత దగ్గరున్నా, దాన్ని చెప్పకూడదు.

ప్రశ్నలు

ఒక్కో ప్రశ్నకు ముళ్లు తిప్పి పెట్టి, తర్వాత జవాబు చెప్పండి.

1. పొట్టి ముల్లు 6 మీద, పొడుగు ముల్లు 12 మీద ఉన్నాయి. గంటెంత?
2. పొట్టి ముల్లు 10కీ 11కీ నడుమ, పొడుగు ముల్లు 6 మీద ఉన్నాయి. గంటెంత?
3. పొట్టి ముల్లు 4ను కొంచెం దాటింది. పొడుగు ముల్లు 3 మీద ఉంది. గంటెంత?
4. పొట్టి ముల్లు 2ను చేరబోతోంది. పొడుగు ముల్లు 11 మీద ఉంది. గంటెంత?
5. ఇప్పుడు 7.45. బస్సు 8.20కి. ఇంకా ఎన్ని నిమిషాలుంది?

జవాబులు: 1. ఆరు. 2. పదిన్నర. 3. నాలుగుంపావు. 4. ఒంటిగంట యాభై ఐదు. 5. ఎనిమిది కావడానికి 15, ఆపైన 20. మొత్తం 35 నిమిషాలు.