రైడర్ చొక్కా, మే నెల ఎండ

ఏప్రిల్ నెల సగం దాటాక విజయవాడలో మధ్యాహ్నం పూట రోడ్డు మీద మిగిలేది ఆటోలూ, డెలివరీ కుర్రాళ్ల బళ్లూ. ఎండకు జడిసి జనం గడప దాటరు కాబట్టి, భోజనమో కిరాణా సరుకో ఇంటికే తెప్పించుకుంటారు. అంటే ఎండ ముదిరే వేళకే ఈ కుర్రాళ్లకు పని. వాళ్ల ఒంటి మీద ఉండేది కంపెనీ చొక్కా. చాలామందికి అది దళసరి పాలిస్టర్ కాలర్ టీషర్టు, ముదురు రంగు, వీపు నిండా రబ్బరులాంటి లోగో.

ఆ ఊళ్లో ఒక డెలివరీ కంపెనీ హబ్ చూసుకునే మేనేజరు, వేసవికి ఈ యూనిఫాం మార్చమని పైవాళ్లకు ప్రతిపాదన పెట్టాలనుకున్నాడనుకుందాం. ‘చల్లని బట్ట ఇప్పించండి’ అని ఒక్క ముక్క రాసి పంపితే పని జరగదు. కొనుగోళ్లు చూసేవాళ్లు ‘డ్రై ఫిట్’ అని పేరున్న బట్టేదో చౌకలో తెప్పిస్తారు, ఫైలు మూస్తారు, రైడరు ఎప్పటిలాగే ఉడికిపోతుంటాడు. ఏ బట్ట, ఎందుకు, దాన్ని ఎలా పరీక్షించాలి అన్నది ఆ కాగితంలోనే తేలాలి.

ముందు ఒంటి సంగతి. మన చర్మం ఉష్ణోగ్రత 33 నుంచి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపూ ఒంటి వేడి గాలిలోకి పోతుంది. గాలి 42 డిగ్రీలున్నప్పుడు లెక్క తిరగబడుతుంది. బండి వేగానికి ముఖాన కొట్టే గాలి వేడిని తీసుకుపోదు, పైగా ఒంటికి ఎక్కిస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే, గోడలోంచి ఊరిన తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. మెట్లెక్కుతూ దిగుతూ బండి నడిపే మనిషి ఒంట్లో గంటకు పుట్టే వేడి దాంట్లో సగానికి అటూఇటూ ఉంటుంది. ఆ పైన నెత్తిన ఎండ, కింద కాగిన తారు, బండి ఇంజను సెగ. అయితే వేడి తగ్గేది చెమట పట్టినందుకు కాదు, పట్టిన చెమట ఆవిరైనందుకు. కారి నేల పడ్డ చెమటా, చొక్కాలో నానిపోయి ఉండిపోయిన చెమటా ఒంట్లో నీళ్లనూ ఉప్పునూ తీసుకుపోతాయి తప్ప చల్లదనం ఇవ్వవు.

అందువల్ల చల్లని బట్ట అంటే చేతికి చల్లగా తగిలేది కాదు. చెమటను చర్మం మీంచి లాగి, పల్చగా పరిచి, గాలికి అందించేది.

ఇక్కడ నూలు మీద మనకున్న నమ్మకాన్ని కాస్త సవరించుకోవాలి. ఇంట్లో కూర్చునే మనిషికి నూలు చొక్కాను మించింది లేదు. నూలు తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమను మామూలుగానే పట్టి ఉంచుకుంటుంది, కొద్దిపాటి చెమటను తెలియకుండా తాగేస్తుంది. కానీ గంటకు అర లీటరు పైగా చెమటోడ్చే రైడరు వేసుకుంటే అది నాని బరువెక్కి ఒంటికి అంటుకుపోతుంది, గబుక్కున ఆరదు. మామూలు పాలిస్టర్‌ది మరో ఇబ్బంది. దాని పోగు నీటిని అర శాతం కూడా తాగదు. నేత బిగువుగా ఉంటే చెమట లోపలే జారుతుంది, చొక్కా పైకి పొడిగా కనిపిస్తుంది, లోపల ఆవిరి పట్టినట్టుంటుంది. రైడర్లు కంపెనీ టీషర్టు లోపల పాత నూలు బనీను వేసుకునేది ఇందుకే.

ఆటగాళ్ల చొక్కాల్లో వాడేదీ పాలిస్టరే. తేడా పోగు కోతలో ఉంది. దాన్ని గుండ్రంగా కాక పొడవునా గాళ్లు ఉండేలా తీస్తారు. చెమట పోగులోకి ఇంకదు, ఆ గాళ్ల వెంట పాకి బట్ట పైకి వచ్చి పరుచుకుంటుంది, అక్కడ గాలికి ఆరిపోతుంది. మామూలు పోగుకే రసాయనం పూసి ఇదే గుణం తెప్పించే బట్టలూ ఉన్నాయి. కొత్తలో రెండూ ఒకేలా పనిచేస్తాయి. రోజూ ఉతికే చొక్కా మీద ఆ పూత మాత్రం క్రమంగా పోతుంది. కాబట్టి ప్రతిపాదనలో మొదటి షరతు ఇది కావాలి: నమూనా బట్టను ముప్పై సార్లు ఉతికిన తర్వాతే పరీక్షించాలి.

పరీక్షకు ప్రయోగశాలే అక్కర్లేదు. ఉతికిన బట్టను గిన్నె మీద బిగించి కట్టి ఒక నీటి చుక్క వేయాలి. రెండు మూడు సెకన్లలో చుక్క మాయమై మరక వెడల్పుగా పరుచుకుంటే బట్ట పనిచేస్తున్నట్టు. చుక్క పూసలా నిలబడి మెరుస్తుంటే పూత పోయినట్టే. ఆ తర్వాత పాత చొక్కానూ కొత్తదాన్నీ తడిపి, పిండి, నీడలో ఆరేసి, అరగంటకోసారి కిరాణా తూకం మీద పెడితే ఏది ముందు ఆరుతుందో అంకెల్లో కనబడుతుంది. బట్టలు మెత్తగా ఉండాలని ఉతికాక కొందరు కలిపే ద్రవం ఈ గాళ్లను పూడ్చేస్తుంది. అది వాడొద్దన్న సంగతి చొక్కా లోపలి చీటీ మీద తెలుగులో వేయించాలి.

బరువు సంగతీ రాయాలి. బట్ట మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో చెబుతారు, తిరుప్పూరులోనైనా మన ఊరి యూనిఫాం కొట్లోనైనా దాన్ని జీఎస్ఎం అంటారు. కాలర్ టీషర్టు బట్ట మామూలుగా 200 నుంచి 220 ఉంటుంది. ఒక టీషర్టుకు 1.3 చదరపు మీటర్ల బట్ట పడుతుందనుకుంటే 220 జీఎస్ఎం చొక్కా 286 గ్రాములు తూగుతుంది. అదే 130 జీఎస్ఎం బట్టయితే 169 గ్రాములే, గాలి కూడా బాగా ఆడుతుంది. మరీ పల్చనైతే ఎండ లోపలికి దిగుతుంది, బ్యాగు పట్టీల కింద బట్ట పీచులేస్తుంది. అందుకే 130 నుంచి 140 మధ్య అడగడం మంచిది. చేతులు పూర్తిగా ఉండాలి. పొట్టి చేతుల చొక్కా ఇస్తే రైడరు ఎండకు తాళలేక విడిగా తొడుగులు కొనుక్కుంటాడు, అవి బిగుతుగా ఉండి మళ్లీ ఉక్కపోతే.

రంగు దగ్గర కంపెనీ పట్టుబడుతుంది. రంగంటే వాళ్లకు గుర్తింపు. 2024 మార్చిలో జొమాటో శాకాహార ఆర్డర్లు తెచ్చే రైడర్లకు ఆకుపచ్చ చొక్కాలని ప్రకటించి, విమర్శలు రావడంతో మర్నాడే అందరికీ ఎరుపే అని వెనక్కి తగ్గింది. చొక్కా రంగుకు అంత పట్టింపు ఉంది. లేత రంగు ఎండను తక్కువ పీలుస్తుందన్నది నిజమే. కానీ రంగు కోసం పోట్లాడి మిగతావన్నీ పోగొట్టుకోనక్కర్లేదు. ఎడారిలో నల్లని అంగీలు తొడిగే బెదూయిన్ల మీద 1980లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. వదులైన నల్లంగీలో ఉన్నా, తెల్లంగీలో ఉన్నా ఒంటికి చేరిన వేడి ఒకటేనని అందులో తేలింది. నల్లబట్ట పీల్చిన అదనపు వేడి, బట్టకూ ఒంటికీ మధ్య ఆడే గాలితో బయటికి పోయింది. అందుచేత ముందు వదులు అడగాలి, ఛాతీ కొలత మీద కనీసం నాలుగంగుళాలు. ఆ పైన భుజాలు, వీపు లేత రంగులో వేసి, కాలరు, చేతుల అంచులు కంపెనీ రంగులో ఉంచితే ఇద్దరి మాటా నిలుస్తుంది.

లోగో విషయంలో రాజీ పడకూడదు. వీపు మీద దట్టంగా అచ్చువేసిన రబ్బరు సిరా గాలినీ చెమటనూ రెంటినీ ఆపేస్తుంది. ఎంత మంచి బట్ట తెచ్చినా ఆ మేర అది ప్లాస్టిక్ సంచే. సబ్లిమేషన్ అనే పద్ధతిలో రంగు వేడికి ఆవిరై పాలిస్టర్ పోగులోకే దిగుతుంది, పైన పొర ఉండదు. లేత రంగు పాలిస్టర్ మీదే అది బాగా పడుతుంది. పైన అడిగిన లేత వీపుకు ఇది మరో కారణం.

ఇంతా చేసి బ్యాగును మరిస్తే మాత్రం ఖర్చు సగం వృథా. సాయంత్రం డ్యూటీ దిగిన రైడరు చొక్కా చూడండి. ఛాతీ మీద, చేతుల మీద తెల్లని ఉప్పు చారలుంటాయి, అక్కడ చెమట ఆరిందన్నమాట. బ్యాగు ఆనిన వీపు మాత్రం చారలు లేకుండా తడిసి ముద్దగా ఉంటుంది. ఒంట్లో ఎక్కువ చెమట పట్టే చోట్లలో వీపు ఒకటి. దాని మీద రేకు పొర, స్పాంజి ఉన్న చదరపు బ్యాగు అతుక్కుని ఉంటే ఏ పోగూ ఏమీ చేయలేదు. చొక్కాతో పాటు బ్యాగును బండి వెనక క్యారియర్‌కు బిగించే స్టాండు కూడా ఇవ్వాలని ప్రతిపాదనలో ఉండాలి. నా మటుకు, డబ్బు ఒక్కదానికే ఉందంటే ముందు స్టాండే కొనమంటాను.

ఊరిని బట్టి ఫలితం మారుతుందనీ ఒప్పుకోవాలి. హైదరాబాదు మే నెల మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది, చెమట క్షణాల్లో ఎగిరిపోతుంది. అక్కడ ఒళ్లంతా కప్పి ఉండటం, నీళ్లు తాగడం ముఖ్యం. విజయవాడ, కాకినాడ, విశాఖల్లో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరడానికి చోటుండదు. అక్కడ చంకల కింద, పక్కల్లో జాలీ నేత పెట్టి గాలి ఆడేలా కుట్టిన చొక్కా కావాలి. హెడ్డాఫీసు అన్ని ఊళ్లకూ ఒకే నమూనా పంపితే ఎక్కడో ఒకచోట తప్పుతుంది.

అందుకే ముందు చిన్న ప్రయత్నం. ఇరవై మంది రైడర్లను తీసుకుని పదిమందికి కొత్త చొక్కా, పదిమందికి పాతది ఇచ్చి, వారం తర్వాత మార్చాలి. అలా చేస్తే ఒకరి ఏరియాలో మెట్లెక్కువ, ఒకరికి ఆర్డర్లెక్కువ అన్న తేడా లెక్కను పాడుచేయదు. పొద్దున వేసుకునే ముందు, మధ్యాహ్నం రెండింటికి చొక్కాను తూచాలి. పెరిగిన బరువంతా ఆవిరి కాని చెమటే. ఎన్ని నీళ్లు తాగారో, తలనొప్పీ తిమ్మిర్లూ వచ్చాయో లేదో రాసుకోవాలి. వాళ్ల మాటా వినాలి. పాలిస్టర్‌కు వాసన పట్టే గుణం ఉంది, లిఫ్టులో జనం మధ్య నిలబడాల్సిన కుర్రాడికి అది చిన్న విషయం కాదు.

చొక్కాకు ఉన్న హద్దు కూడా కాగితం మీదే రాయాలి. 2015 మేలో వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు, వాళ్లలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ వాళ్లే. 45 డిగ్రీల్లో ఆగకుండా తిరిగే మనిషిని ఏ బట్టా కాపాడలేదు. గల్ఫ్‌లో మన తెలుగువాళ్లు ఎందరో పనిచేసే యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు నేరుగా ఎండలో పని నిషేధం. డెలివరీ రైడర్ల కోసం దుబాయ్‌లో ఏసీ విశ్రాంతి గదులు కట్టారు. కొత్త యూనిఫాం ఇచ్చాం కదా అని నీడలో ఆగే సమయాన్ని కోసేసినా, ఆలస్యానికి ఇన్సెంటివ్ తగ్గించినా ఉన్నదీ పోతుంది. మాట తడబడుతూ, దారి మర్చిపోతూ, ఒళ్లు కాలిపోతున్న రైడరును వెంటనే నీడకు చేర్చి, చొక్కా విప్పి, నీళ్లు పోసి విసురుతూ, 108కు ఫోన్ చేయాలి.

ఇక డబ్బు. చాలాచోట్ల యూనిఫాం ఖరీదును చేరేటప్పుడే రైడరు దగ్గర వసూలు చేస్తారు. ఆ పద్ధతే ఉంటే పాతది చిరిగేదాకా ఎవరూ కొత్త చొక్కా కొనరు, వేసవంతా పాతదే నడుస్తుంది. కంపెనీ ఖర్చుతో మనిషికి మూడు చొప్పున ఇస్తేనే, ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద, ఒకటి బండి డిక్కీలో ఉంటుంది. మధ్యాహ్నం తడిసినదాన్ని మార్చుకోవచ్చు. మేనేజరు ఈ కాగితాన్ని దీపావళి కాగానే పంపాలి. నమూనాలు తెప్పించి, ముప్పై ఉతుకులూ రెండు వారాల పరీక్షా అయి, బట్ట నేయించి కుట్టించేసరికి మార్చి వచ్చేస్తుంది. ఏప్రిల్‌లో ఆర్డరు పెడితే చొక్కాలు వానలతో పాటే హబ్‌కు చేరతాయి.